నెలల చక్రం, పుట్టినరోజుల గ్రాఫు: పిల్లల చేత ఎలా చేయించాలి?

అమెరికాలో కిండర్‌గార్టెన్ గదిలోకి అడుగుపెడితే గోడమీద పుట్టినరోజుల పట్టిక తరచూ కనిపిస్తుంది. జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు గళ్ళు వరసగా ఉంటాయి, ఎవరి నెలలో వాళ్ళ పేరు ఉంటుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ అందులో ఒక తిరకాసు ఉంది. డిసెంబరు 30న పుట్టిన అమ్మాయి పేరు ఈ చివర, జనవరి 2న పుట్టిన అబ్బాయి పేరు ఆ చివర పడతాయి. ఇద్దరి పుట్టినరోజులకీ మధ్య మూడు రోజులే తేడా. ఏడాది తిరిగి మొదటికి వస్తుందన్న సంగతి ఆ పట్టిక చెప్పదు. దాన్నే గుండ్రంగా చేస్తే డిసెంబరు, జనవరి పక్కపక్కనే కూర్చుంటాయి.

శని, ఆదివారాల్లో నడిచే తెలుగు తరగతులకు ఈ చక్రం బాగా కుదురుతుంది. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి కావచ్చు, ఊళ్ళో నలుగురు తల్లిదండ్రులు కలిసి గుడి వెనక గదిలో నడుపుకునే బడి కావచ్చు, చిన్న తరగతిలో నెలల పేర్లు చెప్పాల్సిన రోజు ఒకటి వస్తుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు, రెండు తరగతుల సమయం ఉంటే చాలు. మొదటి రోజు చక్రం, రెండో రోజు గ్రాఫు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే జిగురు ఆరక ముందే స్టిక్కర్లు అంటించాల్సి వస్తుంది, వలయాలు వంకరపోతాయి.

ముందుగా తేదీలు

కత్తెర పట్టుకోకముందే ఇంటికి ఒక చీటీ పంపాలి. పుట్టిన నెల, తేదీ చాలు, సంవత్సరం అడగక్కర్లేదు. అయితే నెలను అంకెల్లో రాయొద్దని చీటీలోనే చెప్పండి. అమెరికాలో నెల ముందు, తేదీ తర్వాత. మనకు ఇండియాలో తేదీ ముందు, నెల తర్వాత. హైదరాబాదులో చదువుకుని వచ్చిన నాన్న 5/8 అని రాస్తే అది ఆగస్టు ఐదా, మే ఎనిమిదా? ఆ నాన్నే ఆఫీసులో అమెరికా పద్ధతికి అలవాటుపడి ఉంటాడు కాబట్టి రాసిన చేతిని బట్టి కూడా ఊహించలేం. 25/8 అని ఉంటే ఇబ్బంది లేదు, ఇరవై ఐదో నెల లేదు గనక. రెండు అంకెలూ పన్నెండు లోపుండి, వేర్వేరుగా ఉన్నప్పుడే చిక్కు. అలాంటి తేదీలు ఏడాదిలో 132 ఉన్నాయి, అంటే మూడో వంతుకు పైనే. అందుకని చీటీలో "నెల పేరు అక్షరాల్లో రాయండి" అన్న ఒక్క వాక్యం పెడితే చాలా ఫోన్లు తప్పుతాయి.

ముక్కలు కోయడం

కావలసినవి: 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవున్న పోస్టరు బోర్డు ఒకటి, నాలుగు రంగుల కార్డ్‌స్టాక్ కాగితాలు ఒక్కో రంగుకు రెండేసి, గ్లూ స్టిక్కులు, ముప్పాతిక అంగుళం గుండ్రటి స్టిక్కర్లు, ఒక అట్ట పట్టీ. పోస్టరు బోర్డు, స్టిక్కర్లు ఇక్కడ ఏ డాలరు దుకాణంలోనైనా దొరికే కొలతలే. తెల్లటి నీళ్ళ జిగురు మాత్రం వద్దు. కార్డ్‌స్టాక్ తడిసి అప్పడంలా లేస్తుంది.

అట్ట పట్టీకి ఒక చివర సన్నని రంధ్రం పెట్టి, అక్కణ్ణుంచి అంగుళానికొకటి చొప్పున పది రంధ్రాలు పెట్టుకోండి. ఇదే మీ వృత్తలేఖిని. మొదటి రంధ్రంలో గుండుసూది గుచ్చి, పదో అంగుళం రంధ్రంలో పెన్సిలు పెట్టి తిప్పితే 20 అంగుళాల వృత్తం వస్తుంది. దారం, పెన్సిలుతోనూ గీయొచ్చు గానీ దారం సాగుతుంది. మొదలెట్టిన చోటికి తిరిగి వచ్చేసరికి గీత కలవదు.

ఇప్పుడు ఒక్కో నెలకూ ముక్క నమూనా. ఇది పెద్దవాళ్ళ పని. పది అంగుళాల వ్యాసార్ధం ఉన్న వృత్తాన్ని పన్నెండు భాగాలు చేస్తే, ఒక్కో ముక్క అంచు రెండు కొసల మధ్య తిన్నని దూరం లెక్క ప్రకారం 5.18 అంగుళాలు. మీరు మాత్రం 5⅛ అంగుళాల గీతే గీయండి. దాని రెండు కొసల నుంచీ పదేసి అంగుళాల చాపాలు గీస్తే అవి కలిసే చోటు ముక్క మొన. ఆ మొన దగ్గర సూది పెట్టి, గీత అవతలగా పది అంగుళాల చాపం గీస్తే గుండ్రటి అంచు వస్తుంది. లెక్క కంటే కాస్త తగ్గించడం ఎందుకంటే, పిల్లల కత్తెర ఎప్పుడూ గీతకు బయటే నడుస్తుంది. ఒక్కో ముక్క అంచు దగ్గర ⅛ అంగుళం ఎక్కువైతే పన్నెండు ముక్కలకు అంగుళంన్నర అవుతుంది. చివరి నెలకు చోటు సరిపోదు. సాధారణంగా ఆ నెల తెచ్చుకున్న పిల్లే ఏడుస్తుంది.

మామూలు 8½ × 11 కాగితం మీద రెండు ముక్కలు పడతాయి, ఒకటి మొన పైకి, ఇంకోటి మొన కిందికి పెట్టి పక్కపక్కన గీస్తే. ఒక రంగుకు రెండు కాగితాలంటే నాలుగు ముక్కలు. రంగుకు మూడు నెలలే కాబట్టి ఒకటి పాడైనా మరొకటి చేతిలో ఉంటుంది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి చలికాలానికి నీలం, మార్చి నుంచి మే దాకా ఆకుపచ్చ, జూన్ నుంచి ఆగస్టు దాకా పసుపు, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నారింజ. ఈ రంగులు అలంకారానికి కాదు, తర్వాత లెక్కలో పనికొస్తాయి.

పిల్లలు కోసిన ముక్కను మొన నుంచి అంచు మధ్యకు నిలువుగా మడిచి విప్పమనండి. నడుమ ఒక మడత గీత పడుతుంది. మొనను మాత్రం ఒక అంగుళం మేర కత్తిరించి పారేయండి. పన్నెండు మొనలు ఒకే చుక్క దగ్గర కలవడం కాగితం మీద జరిగే పని కాదు, అక్కడ జిగురు ముద్దే మిగులుతుంది.

నెల పేరు అంచు దగ్గర అంగుళం పట్టీలో రాయాలి. అక్షరాలు అర అంగుళం మించకూడదు. ఫిబ్రవరిలో 'బ్ర', సెప్టెంబరులో 'ప్టె' కింద వత్తుకు చోటు కావాలి కదా. సెప్టెంబర్ అని పొల్లుతో రాసినా, సెప్టెంబరు అని రాసినా సరే, నాలుగు నెలలకీ ఒకే తీరు పాటించండి. లేకపోతే "టీచర్, అక్టోబర్‌కి కొమ్ము లేదు, నవంబరుకి ఉందేంటి?" అని అడుగుతారు, జవాబు చెప్పలేం.

చక్రం కూర్చడం

పోస్టరు బోర్డు మీద గీసిన వృత్తం మధ్య నుంచి నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీతలు గీయండి. పిల్లలకు గడియారం గుర్తు చేయండి. పన్నెండు దగ్గర డిసెంబరు, ఒకటి దగ్గర జనవరి, ఏడు దగ్గర జులై. నెల వరస సంఖ్యే గడియారం అంకె. 7/4 అని బోర్డు మీద చూస్తే జులై నాలుగు అని తెలిసే పిల్లలకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది.

జనవరితో మొదలుపెట్టి వరసగా అంటించుకుంటూ పోవడమే అందరూ చేసే పని, చెడేదీ అక్కడే. మొదటి ముక్క వెంట్రుకవాసి పక్కకు జరిగితే రెండోది దాన్ని బట్టి ఇంకాస్త జరుగుతుంది. పదో నెలకు వచ్చేసరికి తప్పంతా పోగుపడుతుంది. దీనికి విరుగుడు, నాలుగు దిక్కులు ముందు. డిసెంబరు, మార్చి, జూన్, సెప్టెంబరు ముక్కల మడత గీతలు బోర్డు మీది నాలుగు గీతల మీద సరిగ్గా కూర్చునేలా అంటించండి. ఇక ప్రతి రెండిటి మధ్యా రెండేసి నెలలకు చోటు మిగులుతుంది. ఎవరి ముక్క అటూఇటూ అయినా ఆ తప్పు ఆ ఖాళీలోనే ఆగిపోతుంది, పక్క కాలానికి పాకదు. జిగురు పెట్టకముందు ఆ రెండు ముక్కల్నీ ఒట్టిగా పరిచి చూడమనండి. ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే అంచు కాస్త కోయొచ్చు, సన్నని సందు మిగిలితే వదిలేయొచ్చు.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. "మార్చి తర్వాత ఏది? జూన్ ముందు ఏది?" అన్న ప్రశ్నలకు పిల్లలు పాటలాగా జనవరి నుంచి వల్లెవేయకుండా, ఖాళీ వైపు చూసి జవాబు చెప్పాల్సి వస్తుంది. నెలల పేర్లు వరసగా అప్పజెప్పే పిల్ల కూడా జూన్‌కి ముందుది అడిగితే తడబడుతుంది. ఆమెకు వచ్చినది వరస, నెలలు ఇంకా రాలేదన్నమాట.

అన్నీ అంటించాక మధ్యలో సూది గుచ్చి, అట్ట పట్టీతో మూడో అంగుళం నుంచి తొమ్మిదో అంగుళం దాకా వలయాలు గీయండి. నెలకు ఆరేసి గళ్ళు వస్తాయి. వలయాలు గీశాకే మధ్యలో మూడు అంగుళాల గుండ్రటి కాగితం అంటించి, కత్తిరించిన మొనల్ని కప్పేయండి. ముందే కప్పేస్తే నడిమి చుక్క కనబడదు. చివరికి బోర్డును వృత్తం వెంట కోసి, గోడ బోర్డుకు మధ్యలో ఒకే ఒక పిన్నుతో గుచ్చండి. అప్పుడు చక్రం తిరుగుతుంది, ప్రతి నెల మొదట్లో ఒక పిల్లో పిల్లాడో వచ్చి ఆ నెలను పైకి తెస్తారు. కిందున్న నెలల పేర్లు తలకిందులుగా ఉన్నాయన్న ఫిర్యాదు కూడా దాంతో తీరిపోతుంది.

గ్రాఫు: ఒక పిల్లకు ఒక చుక్క

రెండో వారం ఒక్కొక్కరే వచ్చి తమ నెలలో, నడిమికి దగ్గరగా ఉన్న మొదటి ఖాళీ గడిలో స్టిక్కరు అంటిస్తారు. మధ్యలో గడి వదలకూడదు. స్టిక్కరు మీద పేరులోని మొదటి అక్షరం తెలుగులో రాస్తే చాలు.

గడికి రంగు వేయిద్దామని మీకనిపించవచ్చు, అందంగా ఉంటుంది కాబట్టి. వేయించకండి. లోపలి గడి కంటే ఆరో గడి వైశాల్యం దాదాపు రెండున్నర రెట్లు. చివర రంగు వేసిన పిల్ల ఒక్కతే అయినా కంటికి ఇద్దరిలా కనిపిస్తుంది. ఇది పెద్దల్ని కూడా పట్టిన చిక్కే. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికుల మరణాలను ఫ్లారెన్స్ నైటింగేల్ నెలకొక ముక్క చొప్పున చక్రంగా గీసి 1858లో ప్రచురించింది. అందులో సంఖ్యను ముక్క పొడవుకు కాక వైశాల్యానికి సరిపడేలా లెక్కగట్టింది. ఏడేళ్ళ పిల్లలకు అంత లెక్క అక్కర్లేదు. స్టిక్కర్లన్నీ ఒకే సైజు, చూసేది పరిమాణం కాదు ఎన్ని ఉన్నాయన్నదే, అంతటితో సరి.

పద్దెనిమిది మంది ఉన్న ఒక తరగతి అనుకుందాం. జనవరిలో ఒకరు, ఫిబ్రవరిలో ఒకరు, మార్చిలో ఇద్దరు, ఏప్రిల్‌లో ఎవరూ లేరు, మేలో ఒకరు, జూన్‌లో ఇద్దరు, జులైలో ఇద్దరు, ఆగస్టులో నలుగురు, సెప్టెంబరులో ఇద్దరు, అక్టోబరులో ఒకరు, నవంబరు ఖాళీ, డిసెంబరులో ఇద్దరు.

పిల్లలు మొట్టమొదట చూసేది ఖాళీలనే. "ఏప్రిల్‌లో ఎవరూ పుట్టరా?" అంటారు. అది వదిలిపెట్టాల్సిన ప్రశ్న కాదు. మన గదిలో ఎవరూ లేరు, పక్క గదిలో ఉండొచ్చు అని చెప్పి, పక్క గదికి వెళ్ళి అడిగి రమ్మనండి. లెక్క వేసి చూస్తే, పద్దెనిమిది మందిని పన్నెండు నెలల్లోకి ఎలాపడితే అలా వదిలితే సగటున రెండు మూడు నెలలు ఖాళీగా మిగులుతాయి. ఖాళీ నెల లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఆగస్టులో నలుగురున్నారని దానికి కారణం వెతకడం కూడా అలాంటిదే. అమెరికా మొత్తం మీద జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో కాన్పులు కాస్త ఎక్కువన్న మాట నిజమే, రోజులు తక్కువున్న ఫిబ్రవరిలో తక్కువన్నదీ నిజమే. కానీ ఆ తేడా పద్దెనిమిది మందిలో కనబడేంత పెద్దది కాదు.

పన్నెండు వర్గాలున్న గ్రాఫు చిన్నపిల్లలకు బరువే. చాలా రాష్ట్రాల బడులు పాటించే కామన్ కోర్ గణిత ప్రమాణాల్లో ఒకటో తరగతికి మూడు వర్గాల దాకా, రెండో తరగతికి నాలుగు వర్గాల దాకా పెట్టారు. నాలుగు రంగుల పని ఇక్కడే. నెలల్ని వదిలి రంగుల వారీగా లెక్కపెట్టమనండి. నీలంలో నలుగురు, ఆకుపచ్చలో ముగ్గురు, పసుపులో ఎనిమిది మంది, నారింజలో ముగ్గురు. కలిపితే పద్దెనిమిది రావాలి. రాకపోతే ఎవరో స్టిక్కరు అంటించలేదు, లేదా ఎవరో రెండు అంటించారు. పసుపులో నీలం కంటే ఎందరెక్కువ అన్న ప్రశ్న ఏడేళ్ళ పిల్ల చేయగలిగిన లెక్క. బల్లపరుపు పట్టికలో చలికాలం రెండు చివరలకూ చీలిపోయేది, ఇక్కడ మూడు నెలలూ ఒకే చోట ఉన్నాయి.

చక్రానికి ఒక లోపం ఉంది, దాచనక్కర్లేదు. మార్చి వరస ఒకవైపు, డిసెంబరు వరస ఇంకోవైపు తిరిగి ఉంటాయి కాబట్టి ఏది పొడుగో చూపుతో తేల్చలేం, లెక్కపెట్టాల్సిందే. చూపుతోనే పోల్చాలంటే చక్రాన్ని విప్పాలి. అంగుళం గళ్ళ కాగితం మీద పన్నెండు నిలువు వరసలు పెట్టి, పిల్లలు తమ చుక్కల్ని అందులోకి దించుకుంటారు. విప్పాలంటే ఎక్కడో ఒక చోట కోయాలి. ఎక్కడ అన్నది పిల్లల్నే అడగండి.

జనవరి దగ్గర కోస్తే క్యాలెండరు వస్తుంది. కాలిఫోర్నియాలో అయితే ఆగస్టుకూ సెప్టెంబరుకూ మధ్య కోసి చూడండి. అక్కడ సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్ళు నిండితేనే కిండర్‌గార్టెన్‌లో చేరేది. కాబట్టి పగటిబడిలో ఒకే తరగతి చదివే పిల్లల్లో మామూలుగా సెప్టెంబరు వాళ్ళు పెద్ద, ఆగస్టు వాళ్ళు చిన్న. ఎడమ నుంచి కుడికి వయసు దిగుతూ వస్తుంది. సెప్టెంబరు 1నే పుట్టిన పిల్ల ఒక్కతే ఈ వరసకు ఒదగదు, ఆమె ఆ తరగతిలో అందరికంటే చిన్నది. న్యూయార్క్ నగరంలో ఆ గడువు డిసెంబరు 31, అక్కడ జనవరి దగ్గరే కోయాలి. వయసులు కలగాపులగంగా ఉండే తెలుగు తరగతిలో మాత్రం ఈ వరస చెల్లదు. "నాది జనవరి, నీది ఆగస్టు, నేనే అక్కని" అని ఎవరో అంటారు. సంవత్సరం తెలియకుండా అక్కెవరో, చెల్లెలెవరో ఈ గ్రాఫు చెప్పదు.

వేసవి పిల్లలకు ఎదుటి ముక్క

పసుపులో ఉన్న ఎనిమిది మందికీ ఒక బాధ. వేసవి సెలవుల్లో పగటిబడి ఉండదు, చాలా తెలుగు బడులకూ సెలవే. క్లాసులో కప్‌కేకులు పంచుకునే భాగ్యం వాళ్ళకు ఉండదు. అమెరికా బడుల్లో దీనికి అర్ధ జన్మదినం అని ఒక ఏర్పాటు ఉంది, అసలు తేదీకి ఆరు నెలల తర్వాత జరుపుతారు. చక్రం మీద ఇది కనుక్కోవడానికి లెక్క అక్కర్లేదు. స్కేలును తమ నెల మీద పెట్టి నడిమి మీదుగా అవతలికి చూస్తే చాలు. జూన్ ఎదుట డిసెంబరు, జులై ఎదుట జనవరి, ఆగస్టు ఎదుట ఫిబ్రవరి. జులై 12 వాడికి జనవరి 12. ఆగస్టు 31 అమ్మాయికి ఫిబ్రవరిలో 31 లేదు కాబట్టి నెలాఖరు రోజు ఇవ్వండి. ఎదుటి ముక్కలో స్టిక్కరు మాత్రం అంటించొద్దు, అంచు మీద చిన్న నక్షత్రం గీస్తే సరి. స్టిక్కరు అంటిస్తే పద్దెనిమిది మంది ఇరవై ఆరుగురవుతారు.

ఇంటికి ఇచ్చే పని

ఇదే తీరులో చిన్న చక్రం ఒకటి ఇంటికి పంపి, అమ్మానాన్నలవీ తాతయ్య అమ్మమ్మలవీ పుట్టినరోజులు అంటించుకు రమ్మనండి. అందరివీ ఒకచోట చేరిస్తే జూన్, జులై వరసలు అదాటున పెరిగిపోవచ్చు. వీళ్ళ తాతయ్య జులై 1, వాళ్ళ నానమ్మ జూన్ 1, ఇంకో తాతయ్య కూడా జులై 1. పిల్లలు దీన్ని పెద్ద వింతగా చెప్పుకుంటారు. పెద్దవాళ్ళకు సంగతి తెలుసు. పల్లెల్లో బడిలో చేర్చిన రోజున అసలు తేదీ తెలియక, రిజిస్టరులో ఏదో ఒకటి రాసేశారు. అదే పాస్‌పోర్టులోకి ఎక్కింది. ఆ వరస చెప్పేది జనం ఎప్పుడు పుట్టారన్నది కాదు, బళ్ళు ఎప్పుడు తెరిచారన్నది.

ఈ తేదీలకు వేరే రంగు స్టిక్కరు వాడండి, కాగితం మీది తేదీ అని గుర్తుండేలా. తర్వాత పిల్లల చేత ఫోను చేయించి "అసలు ఎప్పుడు పుట్టావు, తాతయ్యా?" అని అడిగించండి. "శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు" లాంటి జవాబు వస్తే సగం దారి దొరికినట్టే. శ్రావణం ఏటా ఒకే తేదీన మొదలవదు. 2023లో అధిక శ్రావణం రావడంతో నిజ శ్రావణం ఆగస్టు 17న గానీ మొదలు కాలేదు. పుట్టిన సంవత్సరం తెలిస్తే ఆ ఏటి పంచాంగం చూసి తేదీ తేల్చవచ్చు. సంవత్సరం కూడా తెలియకపోతే స్టిక్కరును జులై, ఆగస్టు ముక్కల మధ్య గీత మీద, ఆగస్టు వైపు కాస్త ఎక్కువ జరిపి అంటించి, గ్రాఫు లెక్కలో చేర్చకుండా పక్కన పెట్టండి.